పది తులాల వడ్డాణం కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మాది నర్సంపేట. మాఘమాసంలో పెద్దమ్మాయి పెళ్లి. బంగారానికి నాలుగు లక్షలు దాచాం. వియ్యంకులు ఏమీ అడగలేదు కానీ, నడుముకు వడ్డాణం లేకపోతే బాగుండదని మా అత్తగారి పట్టుదల. పది తులాలకు ఇంకో ఎనిమిది లక్షలు అప్పు తేవాలి. హనుమకొండలో గిల్టు వడ్డాణం మూడు రోజుల అద్దెకు 6,000, కొంటే 9,500 అన్నారు. మా ఆడబిడ్డ తన బంగారు హారం పెళ్లికి ఇస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, వడ్డాణం కోసం అప్పు చేయవద్దు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. లెక్క సులువుగా ఉండటానికి తులం లక్ష రూపాయలనుకుందాం. పది తులాలకు పది లక్షలు. మజూరీ, తరుగు కలిపి 15 శాతం అంటే లక్షన్నర. నగిషీ ఎక్కువైతే ఇది ఇంకా పెరుగుతుంది. మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 34,500. అంటే దుకాణం నుంచి బయటికి వచ్చేసరికి 11,84,500. అదే రోజు తిరిగి అమ్మితే చేతికి వచ్చేది బంగారం ధర మాత్రమే. మజూరీ, పన్ను కలిపి 1,84,500 అక్కడే పోతాయి. ఎనిమిది లక్షల అప్పు 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 18,600 కట్టాలి. వడ్డీయే మూడు లక్షలు దాటుతుంది.

బంగారం ధర పెరుగుతుంది కదా అని మీ అత్తగారు అనవచ్చు. పెరగవచ్చు, కాదనను. కానీ పొదుపు కోసమే అయితే మజూరీ తక్కువ పడే నాణేలు కొనవచ్చు, అప్పు లేకుండా వీలైనంతే కొనవచ్చు. వడ్డాణం పెళ్లి తర్వాత బీరువాలోనో బ్యాంకు లాకర్‌లోనో ఉంటుంది. అమ్మాయి రోజూ ఒంటి మీద వేసుకునేది పుస్తెలతాడు, నల్లపూసలు, గాజులు, కమ్మలు. మీ నాలుగు లక్షలు వాటికే వెచ్చించండి. ప్రతి నగ మీద హాల్‌మార్క్, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ నంబరు ఉన్నాయో లేదో చూసి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి. రసీదులో రాళ్ల బరువు విడిగా రాయించుకోండి, లేకపోతే రాళ్లకు కూడా బంగారం ధర పడే ప్రమాదం ఉంది.

వడ్డాణం, వంకీలు, జడ, పాపిటబిళ్ల వంటి ఒక్క పూట అలంకారాలకు గిల్టు సరిగ్గా సరిపోతుంది. మీ విషయంలో వడ్డాణం అద్దెకే తెచ్చుకోమంటాను. కొంటే 3,500 మాత్రమే ఎక్కువ కాబట్టి కొనడమే మేలనిపిస్తుంది. అయితే రెండో అమ్మాయి పెళ్లి నాటికి పూత వెలిసిపోవచ్చు, అప్పటికి ఆ తీరు నచ్చకపోవచ్చు కూడా. హారం, బుట్టలు మాత్రం గిల్టువి కొనుక్కోవచ్చు. బతుకమ్మకూ చుట్టాల పెళ్లిళ్లకూ మళ్లీ మళ్లీ పనికొస్తాయి.

అసలు బంగారం పక్కన గిల్టు తేలిపోయేది రంగులోనే. మీ నగలు తీసుకెళ్లి, దుకాణం లోపలి దీపాల కింద కాకుండా బయట పగటి వెలుతురులో పక్కన పెట్టి చూడండి. మరీ ఎర్రగా మెరిసే పూత ఫొటోల్లో వెంటనే తెలిసిపోతుంది. మెరుపు తక్కువ ఉన్న యాంటిక్ పూత బాగా కలిసిపోతుంది. వడ్డాణం వెనక్కి తిప్పి కొక్కెం, కీళ్ల దగ్గర అతుకులు చూడండి. కూర్చుని లేచేటప్పుడు బరువంతా అక్కడే పడుతుంది. అమ్మాయిని ముందు రోజే రెండు గంటలు పెట్టుకోమనండి. కొందరికి పూత కింది లోహంలోని నికెల్ పడక చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. ఒక్క నలుగు నాడు మాత్రం అద్దె నగ పెట్టవద్దు. పసుపు, నూనె రాళ్ల సందుల్లో చేరితే డిపాజిట్ దగ్గర పేచీ వస్తుంది. తీసుకునేటప్పుడూ తిరిగి ఇచ్చేటప్పుడూ దుకాణదారు ఎదుటే రాళ్లు లెక్కపెట్టి వీడియో తీయండి.

ఆడబిడ్డ హారం గురించి నాకు కొంచెం భయముంది. గిల్టు పోతే వేలల్లో పోతుంది. ఆ హారం పోతే లక్షలతో పాటు చుట్టరికమూ చెడుతుంది. తీసుకునేట్లయితే ఆమె ఎదుటే తూకం వేయించి, కాగితం మీద రాసి, రెండు వైపులా ఫొటో తీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, అప్పగింతలకు ముందే హారాన్నీ అద్దె వడ్డాణాన్నీ మార్పించండి. ఒంటి మీద ఉన్న నగతో అమ్మాయి అత్తారింటికి వెళ్లిపోతే, మర్నాడు వియ్యంకుల ఇంటికి ఫోన్ చేసి అడగడం మీకూ అమ్మాయికీ తలవంపులు.

ఏది గిల్టో వియ్యంకులకు ముందే చెప్పండి. పెళ్లిలో ఇచ్చిన వాటి జాబితా రాయాలని 1985 నాటి వరకట్న నిషేధ నిబంధనలు చెబుతున్నాయి. అందులో అమ్మాయికి ఇచ్చిన అసలు బంగారమే బరువుతో సహా రాసి, సంతకాలు చేయించండి. అద్దె నగ తిరిగి ఇచ్చే పని పెళ్లి హడావిడిలో ఉండే మీరు పెట్టుకోవద్దు. రసీదుతో సహా మీ తమ్ముడికో మరిదికో ఇప్పుడే అప్పగించండి, రోజు దాటితే అదనపు అద్దె ఎంతో కూడా ఆ రసీదు మీదే రాయించుకోండి.