ఎక్స్ఛేంజ్ ఆఫర్ క్యాప్షన్‌లో సబ్సిడీ మాట

"నల్గొండలో మాది చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్ షోరూమ్. ఎక్స్ఛేంజ్, సబ్సిడీ, టెస్ట్ రైడ్ మూడూ కలిపి స్టేటస్‌కు ఒక క్యాప్షన్ కావాలి. తర్వాత కస్టమర్ వచ్చి గొడవ పెట్టుకోకుండా ఎట్లా రాయాలి?"

నేను మిర్యాలగూడలో ఒక షోరూమ్‌లో సేల్స్ చూశాను. మాకు దెబ్బ తగిలింది సబ్సిడీ దగ్గరే. 2025 మార్చిలో "రూ.10,000 సబ్సిడీ" అని నేనే స్టేటస్ పెట్టాను. అప్పటికది నిజమే. పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద బ్యాటరీ కిలోవాట్ అవర్‌కు రూ.5,000, బండికి గరిష్ఠంగా రూ.10,000 ఇచ్చేవారు. ఏప్రిల్ 1 నుంచి అది సగమైంది, గరిష్ఠం రూ.5,000. స్టేటస్ మరుసటి రోజుకు పోతుంది గానీ స్క్రీన్‌షాట్ పోదు కదా. రెండు వారాల తర్వాత దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన అదే పట్టుకుని వచ్చాడు.

గొడవ అక్కడితో ఆగలేదు. గ్యాస్ సబ్సిడీలాగా డబ్బు తన అకౌంట్‌లో పడుతుందనుకున్నాడాయన. అసలు సంగతి ఏంటంటే, ఆ పథకంలో సబ్సిడీ బిల్లులోనే తగ్గించేవారు, దాన్ని కంపెనీ ప్రభుత్వం దగ్గర రాబట్టుకునేది. కొనేవాళ్లు ఆధార్‌తో ఈ-వోచర్ పూర్తి చేసి సంతకం పెడితే సరిపోయేది. ఒక ఆధార్‌కు ఒక్క బండే. రిజిస్ట్రేషన్ అక్కర్లేని, గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న బండ్లకు ఇది వచ్చేది కాదు. అవీ అమ్ముతుంటే క్యాప్షన్ ఏ మోడల్‌కో తప్పకుండా రాయండి.

కాబట్టి సబ్సిడీ అంకె వేయొద్దు, ధర మాత్రమే వేయండి. రోడ్ ట్యాక్స్ సంగతి వేరు. తెలంగాణలో ఎలక్ట్రిక్ టూ వీలర్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు అని జీవోలోనే ఉంది. తేదీతో సహా రాసుకోవచ్చు.

ఎక్స్ఛేంజ్‌లో "25 వేల వరకు" అని రాస్తే జనం చదివేది 25 వేలే. "వరకు" ఎవరి కంటా పడదు. ఆ పెద్దాయన పాత బండి ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు ఇంకా అట్లాగే ఉంది. లోన్ ఎప్పుడో తీరింది, ఎన్‌ఓసీ మాత్రం తెచ్చుకోలేదు. అది తెచ్చేదాకా బండి తీసుకోలేకపోయాం.

నేనైతే ఇట్లా రాస్తాను:

"ఫలానా మోడల్ ధర ఇంత. మీ పాత బండి తీసుకురండి. బండి, కాగితాలు చూసి అదే రోజు ధర చెప్తాం. ఆర్సీ, ఇన్సూరెన్స్ వెంట ఉంచుకోండి. లోన్ తీరితే ఎన్‌ఓసీ, చలాన్లు ఉంటే కట్టిన రశీదు తేవాలి. సబ్సిడీ ఉంటే, అది వర్తించే మోడళ్లకు బిల్లులోనే తగ్గుతుంది, అప్పటి ప్రభుత్వ నిబంధనల ప్రకారం. టెస్ట్ రైడ్‌కు ముందుగా ఫోన్ చేసి టైమ్ తీసుకోండి, లైసెన్స్ తప్పనిసరి. ఈ ధరలు ఫలానా తేదీ వరకే."

"ఇంటికే టెస్ట్ రైడ్" అని మాత్రం పెట్టకండి. మా దగ్గర డెమో బండి ఒక్కటే ఉండేది. ఒక ఆదివారం హాలియా వెళ్లి వచ్చేసరికి షోరూమ్‌లో ముగ్గురు ఎదురుచూస్తున్నారు, ఛార్జింగేమో సగం కూడా లేదు.