సబ్-గ్రాంట్ అగ్రిమెంట్‌ల మూడు సమాన వాయిదాలు రాసిన్రు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కోస్గి దగ్గర చిన్న సొసైటీ. హైదరాబాద్‌ల ఉన్న ఒక పెద్ద ట్రస్టు వాళ్లు వలసపోయే ఇండ్ల పిల్లలకు సీజన్ సెంటర్ నడపనీకి మాకు సబ్-గ్రాంట్ ఇస్తమంటున్నరు. అగ్రిమెంట్ ఎనుక బడ్జెట్, పేమెంట్ షెడ్యూల్ అని రెండు కాయితాలు పెట్టిన్రు. పైసలు మూడు సమాన వాయిదాల్ల వస్తయంట. సంతకం పెట్టేముందు ఏం చూస్కోవాలె?

జవాబు:

అన్నా, నేను శానా ఏండ్లు దేవరకొండ దిక్కు ఇసొంటి చిన్న సంస్థకే అకౌంట్స్ రాసిన, ఇప్పుడు నల్లగొండల సబ్-గ్రాంట్లు ఇచ్చే సంస్థల పనిచేస్తున్న, కాబట్టి బల్లకు రెండు దిక్కులా కూసున్నోణ్ణే. నా మాట ఒక్కటే, ఆ రెండు కాయితాలు విడివిడిగా చదవకున్రి. బడ్జెట్‌ను నెలనెలకు పరిచి, షెడ్యూల్‌ను దాని పక్కన పెట్టి, ఏ నెల ఆఖరుకు చేతిల ఎంత ఉంటదో చూడున్రి. ఏ నెలన్న మైనస్ వస్తే ఆ షెడ్యూల్ మీకు పనికిరాదు.

మాకు వచ్చిన గ్రాంట్ లెక్కే చెప్త, అది గూడ మీ అసొంటి సెంటరే. మొత్తం 6,00,000, అక్టోబర్ నుంచి జూన్ దాంక తొమ్మిది నెలలు. తండాలకెళ్లి జనం దసరా, దీపావళి దాటినంక పోతరు, ఎండలు ముదిరినంక వస్తరు, అందుకే సెంటర్ నవంబర్ నుంచి ఏప్రిల్ దాంక ఆరు నెలలు. అక్టోబర్‌ల గిన్నెలు, చాపలు, బోర్డులు, పుస్తకాలు అన్నీ కలిపి ఒక్కసారే 69,000. కోఆర్డినేటర్ జీతం 12,000, అకౌంటెంట్‌కు 3,000, తిరుగుడు ఖర్చు, ఆఫీసు ఖర్చు కలిపి 4,000, అంటే నెలకు 19,000, ఇది తొమ్మిది నెలలూ ఉంటది. సెంటర్ నడిచే ఆరు నెలలు ఇంకో 58,000, అండ్ల ఇద్దరు టీచర్లకు 18,000, వంటామెకు 7,000, కిరాయి 3,000, తిండికి 30,000. ఆఖరుకు ఆడిట్ ఫీజు, బ్యాంక్ చార్జీలు 12,000.

ఇప్పుడు పరిచి చూడున్రి. అక్టోబర్ 88,000, నవంబర్ నుంచి ఏప్రిల్ దాంక నెలకు 77,000, మే 19,000, జూన్ 31,000. ఖర్చంతా ముందు, నడిమిట్ల ఉన్నది, ఆఖర్ల ఏం లేదు. మాకిచ్చిన షెడ్యూల్ ఏమో అక్టోబర్, జనవరి, ఏప్రిల్ మొదట్ల రెండేసి లక్షలు. డిసెంబర్ ఆఖరుకు ఖర్చు 2,42,000, వచ్చింది 2,00,000, అంటే జనవరి వాయిదా సరిగ్గ ఒకటో తారీఖు పడ్డా అప్పటికే 42,000 తక్కువ. అది ఒకటో తారీఖు పడదు గదా, ముందు మూడు నెలల లెక్క పంపాలె, వాళ్లు చూడాలె, ప్రశ్నలు అడగాలె, వాళ్ల ఫైనాన్స్ వాళ్లు సంతకం చేయాలె, పైసలు ఫిబ్రవరి మూడో వారంల పడ్డయి. జనవరి ఆఖరుకే మాకు 1,19,000 లోటు. బియ్యం పప్పు దుకాణంల ఉద్దెరకు తెచ్చినం, టీచర్ల జీతాలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినం, ఆ వడ్డీ బడ్జెట్‌ల ఏ లైన్ కిందా రాదు, మా కమిటీ మెంబర్లే జేబులకెళ్లి కట్టిన్రు. జీతం రాక ఒక టీచర్ మానేసిండు, ఆయన దగ్గర చదివే పిల్లలల్ల కొందరిని తల్లిదండ్రులు ఇటుక బట్టీలకు తోల్కపోయిన్రు. ఏ పిల్లలు బట్టీలకు పోవద్దని సెంటర్ పెట్టినమో వాళ్లే పోయిన్రు, అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపుల దేవినట్టయితది.

తర్వాతి ఏడు మేం ఇదే లెక్క ఒక పేజీల వేసి ట్రస్టు ప్రోగ్రామ్ ఆఫీసర్ ముందట పెట్టినం. ప్రతి వాయిదా తర్వాతి వాయిదా నిజంగ చేతికి వచ్చే దినం దాంక సరిపోవాలె, ఆ వాయిదా రాసిన తారీఖు దాంక కాదు, ఇదొక్కటే మేం అడిగింది. జనవరి ఆఖరు దాంక ఖర్చు 3,19,000, అది ఒక్కసారే ఇయ్యాలంటే వాళ్లకు భయం, సగం కంటే ఎక్కువ ముందే ఇచ్చినట్టయితది, సెంటర్ తెరవకపోతే ఎట్ల అన్నరు. వాళ్ల భయం న్యాయమే. అందుకే దాన్ని రెండు ముక్కలు చేసినం. సంతకం కాంగనే 1,95,000, అంటే అక్టోబర్, నవంబర్ ఖర్చు, పైన డిసెంబర్ తిండికి 30,000. సెంటర్ తెరిచినంక డిసెంబర్ ఒకటికి 1,24,000, దీనికి పెద్ద రిపోర్ట్ ఏం లేదు, బ్యాంక్ స్టేట్‌మెంట్, పిల్లల హాజరు రిజిస్టర్ కాపీ పంపితే చాలు. మూడోది ఫిబ్రవరి ఒకటికి 2,50,000, డిసెంబర్ 31 దాంక లెక్కలు చూసినంక, అది మే ఆఖరు దాంక వస్తది. ఆఖర్ది 31,000, అండ్ల 19,000 జూన్ మొదట్ల, మిగిలిన 12,000 ఫైనల్ రిపోర్ట్ ఇచ్చినంక.

ఆ ఆఖరి ముక్క మీద జర ఆగున్రి. శానా అగ్రిమెంట్లల్ల ఆఖరి 10 శాతం రిపోర్ట్ వచ్చినంకనే ఇస్తమని ఉంటది. ఆరు లక్షలకు అది 60,000. అంటే ఆ 60,000 మీరు ముందు ఖర్చు పెట్టి తర్వాత తీస్కోవాలె. చిన్న సొసైటీకి అంత ఎక్కడికెళ్లి వస్తది? ఆడిట్ ఫీజంత మటుకే ఆపుకోమని చెప్పున్రి, ఆడిటర్ నెల ఆగుతడు, వంటామె ఆగలేదు.

ఇగ అందరూ చూడకుండ సంతకం పెట్టేది వాయిదా షరతు. "ముందిచ్చిన దాంట్ల 80 శాతం ఖర్చయినంకనే తర్వాతి వాయిదా" అని ఒక లైన్ ఉంటది, చూడనీకి మామూలుగనే ఉంటది. మా లెక్కల పెట్టి చూడున్రి. డిసెంబర్ ఆఖరుకు అందింది 3,19,000, ఖర్చు 2,42,000, అంటే దగ్గర దగ్గర 76 శాతం. అంతా అనుకున్నట్టే నడిచినా 80 దాటదు, ఇంకో నెల ఆగి మళ్ల రిపోర్ట్ పంపాలె, అప్పటికి చేతిల ఏం ఉండదు. ఇంకోటి ఉంది, డిసెంబర్ జీతాలు ఇచ్చేది జనవరి ఐదుకు. కోఆర్డినేటర్, అకౌంటెంట్, టీచర్లు, వంటామె అందరివి కలిపి 40,000. క్యాష్ బుక్ ప్రకారం చూస్తే డిసెంబర్ 31కి ఖర్చు 2,02,000 మాత్రమే, అంటే 63 శాతం. 70 అని రాసినా ఇరుక్కుంటరు. అందుకే శాతం 70కి తగ్గించమనున్రి, దాంతో పాటు "ఖర్చు" అంటే ఇచ్చేసిన పైసలు, ఆ తారీఖు దాంక ఇయ్యవలసిన జీతాలు, బిల్లులు గూడ అని ఒక లైన్ రాయించుకోన్రి. మేం ఈ లైన్ పెట్టినంక వాయిదా ఒక్కసారి గూడ శాతం కాడ ఆగలే.

అట్లనే గడువు మీకొక్కరికే కాదు, వాళ్లకు గూడ ఉండాలె. రిపోర్ట్ అందిన 7 దినాలల్ల ప్రశ్నలు అన్నీ ఒక్కసారే అడగాలె, 15 పనిదినాలల్ల పైసలు పడాలె, ఏదన్న వోచర్ మీద అనుమానముంటే ఆ వోచర్ పైసలే ఆపాలె గని వాయిదా మొత్తం ఆపొద్దు. ఇప్పుడు ఇచ్చే దిక్కు కూసొని చెప్తున్న, ఇది అడిగితే ఎవరూ కోపం చేసుకోరు, అడిగినోళ్లకు లెక్క తెలుసని ధైర్యం వస్తది.

బడ్జెట్ కాయితంల నేను ముందు చూసేది తిండి లైన్. "తిండి 1,80,000" అని ఉత్తగ రాస్తే తర్వాత కొట్లాటే. 30 మంది పిల్లలు, దినానికి 40 రూపాయలు, నెలకు 25 దినాలు, ఆరు నెలలు అని పక్కన నోట్ ఉండాలె. కాని 30 మంది ప్రతి నెలా ఉండరు. మాకు నవంబర్‌ల 22 మందే, అప్పటికి అందరూ పోలేదు, జనవరిల 38 మంది. ఒక పిల్లకు నెలకు 1,000 పడుతది, అంటే నవంబర్‌ల 8,000 మిగిలింది, జనవరిల 8,000 ఎక్కువైంది. నెలనెలకు పోల్చి చూసేటోళ్లయితే జనవరిల "బడ్జెట్ దాటిన్రు" అని లేఖ వస్తది. కాబట్టి లైన్‌ను మొత్తం గ్రాంట్ కాలానికి చూడాలని రాయించున్రి, ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు 10 శాతం దాంక అడగకుండ మార్చుకోవచ్చని గూడ. కొత్త లైన్ పెట్టాలన్నా జీతాలు పెంచాలన్నా ముందు రాతపూర్వకంగ అడగాలె, అది ఒప్పుకోన్రి.

తిండి పైసలు దుకాణపాయనకు బ్యాంక్‌ల నుంచో యూపీఐల నుంచో ఇయ్యున్రి. ఒకే మనిషికి ఒక్క దినంల 10,000 దాటి నగదు ఇస్తే ఇన్‌కమ్ టాక్స్ లెక్కల అది ధర్మానికి ఖర్చు పెట్టినట్టు లెక్కకు రాదు, ఆడిట్‌ల పట్టుకునేది అదే.

ఇంకో రెండు మాటలు, ఇవి సంతకం కంటే ముందే తేలాలె. ఆ పైసలు ఎక్కడివో అడగున్రి. 2020 సెప్టెంబర్ నుంచి విదేశీ విరాళం ఇంకో సంస్థకు బదిలీ చేయనీకి చట్టం ఒప్పదు, విదేశీ విరాళాలు తీస్కోనీకి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఇద్దరికీ ఉన్నా సరే. అందుకే ఇది దేశంల వచ్చిన విరాళం అని అగ్రిమెంట్‌లనే ఒక వాక్యం ఉండాలె. రెండోది, కాయితం మీద పేరు గ్రాంటా, సర్వీస్ కాంట్రాక్టా చూడున్రి. ఒక ట్రస్టు ఇంకో ట్రస్టుకు విరాళమిస్తే దాంట్ల 85 శాతమే వాళ్లకు ఖర్చు కింద లెక్కకు వస్తదని 2023 ఫైనాన్స్ చట్టంల పెట్టిన్రు, దానికోసం కొందరు "సర్వీస్ ఫీజు" అని రాస్తరు. అట్ల రాస్తే టీడీఎస్ కోసుకొని ఇస్తరు, జీఎస్టీ ప్రశ్న గూడ లేస్తది. ఫీజు కింద 10 శాతం కోస్తే 1,95,000 కాడ మీ ఖాతాల పడేది 1,75,500, పైన చెప్పిన నెలల లెక్క మొత్తం తప్పుతది. మీ ఆడిటర్‌కు ఆ ఒక్క పేజీ చూపెట్టి రమ్మంట.

వాళ్లు మూడు వాయిదాలకే పట్టుబడితే గూడ సమానంగ వద్దు, 3,19,000, 2,50,000, 31,000 అని అడగున్రి. వాయిదాల సంఖ్య వాళ్ల సిస్టమ్‌ల మారకపోవచ్చు గని మొత్తాలు మార్చొచ్చు. మీ బడ్జెట్ అంకెలు వేరే ఉంటయి కాబట్టి ఎక్సెల్‌ల తొమ్మిది కాలమ్‌లు గీసి, కింద ఒక వరుసల వచ్చే పైసలు, ఇంకో వరుసల నెలాఖరుకు చేతిల మిగిలేది రాసి, ప్రతి వాయిదా రాసిన తారీఖు కంటే నెల ఆలస్యంగ వస్తదనుకొని చూడున్రి. ఎర్రగ కనవడ్డ నెల దాంక ముందు వాయిదాను పెంచి, అదే షీట్‌ను వాళ్ల ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు సంతకానికి ముందు మెయిల్ చేయున్రి.