250 శాంపిల్స్ దగ్గర 50 హెర్ట్జ్ హమ్ ఎందుకు పోలేదు?

ప్రశ్న: సార్, నేను బీటెక్ ఈసీఈ ఫైనల్ ఇయర్. మా ప్రాజెక్ట్ ఈసీజీ సిగ్నల్ నుంచి 50 హెర్ట్జ్ కరెంటు హమ్ తీసేయడం. అనలాగ్ నాచ్ ఫిల్టర్ ఫార్ములా తీసుకుని మ్యాట్‌ల్యాబ్‌లో `bilinear`తో డిజిటల్‌కి మార్చాను. సెకనుకు 1000 శాంపిల్స్ పెడితే బాగానే పని చేసింది. బోర్డు మీద 250కి మార్చగానే హమ్ అలాగే ఉండిపోయింది. ఎలక్ట్రోడ్లు, కేబుళ్లు మార్చి చూసినా లాభం లేదు. ఇంటర్వ్యూలో ఇదే అడిగారు, చెప్పలేకపోయాను. నాన్నగారు డీఎస్పీ వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఫిల్టర్ సంగతి తేల్చుకుందాం. మీ ఫిల్టర్ 250 దగ్గర కొత్తగా చెడిపోలేదు. 1000 దగ్గర కూడా తప్పుగానే ఉంది. అక్కడ తప్పు చిన్నది కాబట్టి కంటికి ఆనలేదు, అంతే. ఎలక్ట్రోడ్ల జోలికి ఇక వెళ్లకండి. నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక వైద్య పరికరాల కంపెనీలో పని చేశాను. అక్కడ మొదటి ఏడాది ఇలాంటి హమ్‌నే గ్రౌండింగ్ లోపం అనుకుని రెండు వారాలు వైర్లు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి చూస్తే లోపం కోఎఫిషియంట్లలో ఉంది.

బైలీనియర్ ట్రాన్స్‌ఫార్మ్ అంటే అనలాగ్ ఫార్ములాలో s ఉన్న ప్రతి చోటా ఇది పెట్టడం:

s = (2/T)·(1 − z⁻¹)/(1 + z⁻¹)

ఇక్కడ T అంటే రెండు శాంపిల్స్ మధ్య వ్యవధి. ఇంటిగ్రేషన్ చేసేటప్పుడు గ్రాఫ్ కింద వైశాల్యాన్ని ట్రెపీజియం ముక్కలుగా కొలుస్తాం కదా, ఆ రూల్ నుంచే ఇది వచ్చింది. కంట్రోల్ సిస్టమ్స్ వాళ్లు దీన్నే టస్టిన్ పద్ధతి అంటారు. ఇంటర్వ్యూలో ఆ పేరుతో అడిగితే కంగారు పడకండి, రెండూ ఒకటే.

ఇప్పుడు z స్థానంలో e^(jω) పెట్టి సూక్ష్మీకరించండి. s = j(2/T)·tan(ω/2) వస్తుంది. మీ సమస్యంతా ఆ tan లోనే ఉంది. అనలాగ్ వైపు ఫ్రీక్వెన్సీకి హద్దు లేదు, అది అనంతం దాకా పోతుంది. డిజిటల్ వైపు శాంప్లింగ్ రేటులో సగం వరకే చోటుంది, అంటే మీ 250 కేసులో 125 హెర్ట్జ్. ఆ అనంతమైన గీతనంతా 125 లోపు ఇమడ్చాలి. అందుకని కింది ఫ్రీక్వెన్సీలు దాదాపు ఉన్నచోటే ఉంటాయి, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువగా నొక్కుకుపోతాయి. 250 రేటు దగ్గర లెక్క వేస్తే అనలాగ్ 10 హెర్ట్జ్ 9.95 దగ్గరికి వస్తుంది. 100 వచ్చి 71.5 దగ్గర ఆగుతుంది. 1000 హెర్ట్జ్ కూడా 118.7 దగ్గర ఇరుక్కుంటుంది. దీన్నే ఫ్రీక్వెన్సీ వార్పింగ్ అంటారు.

ఇది ఈ పద్ధతిలో లోపం అని చాలామంది రాస్తారు. నేను అలా అనను. ఏ రెండు అనలాగ్ ఫ్రీక్వెన్సీలూ ఒకే డిజిటల్ ఫ్రీక్వెన్సీ మీద పడకుండా ఉండటానికి మనం చెల్లించే ధర అది. ఇంపల్స్ ఇన్వేరియన్స్ పద్ధతిలో ఈ నొక్కుడు ఉండదు, కానీ పైనున్న ఫ్రీక్వెన్సీలు కిందికి మడతపడి కలిసిపోతాయి. నాచ్ ఫిల్టర్ ఎంత పై ఫ్రీక్వెన్సీనైనా వదిలేస్తుంది కాబట్టి దానికి ఆ దారి అసలు పనికిరాదు. పైగా బైలీనియర్‌లో అనలాగ్ ఫిల్టర్ స్టేబుల్ అయితే డిజిటల్‌ది కూడా తప్పకుండా స్టేబుల్‌గానే ఉంటుంది.

ఇక మీ 50 హెర్ట్జ్ సంగతి. మీరు ఫార్ములాలో 2π × 50 పెట్టి నేరుగా మార్చారు. అప్పుడు నాచ్ ఎక్కడ పడుతుందో కాలిక్యులేటర్‌తో చూడండి: f = (fs/π)·atan(π·50/fs). ఇక్కడ fs అంటే శాంప్లింగ్ రేటు, atan రేడియన్లలో ఉండాలి. fs = 250 అయితే 44.64 హెర్ట్జ్ వస్తుంది. గుంత 44.64 దగ్గర తవ్వారు, హమ్ 50 దగ్గర హాయిగా నడిచిపోతోంది. నాచ్ ఎంత సన్నగా ఉండాలో చెప్పే Q విలువ ఎంత పెట్టారో మీరు రాయలేదు. 10 అనుకుని లెక్క వేస్తే 50 హెర్ట్జ్ సిగ్నల్‌లో దాదాపు 95 శాతం బయటికి వచ్చేస్తుంది. ఫిల్టర్ ఉన్నా లేనట్టే. అదే ఫార్ములా 1000 దగ్గర 49.6 ఇస్తుంది. నాచ్‌కి కొంత వెడల్పు ఉంటుంది కాబట్టి అక్కడ హమ్ సుమారు 16 శాతానికి పడిపోతుంది. గ్రాఫ్‌లో అది శుభ్రంగానే కనిపిస్తుంది, మీరూ సరిగ్గా వచ్చిందనే అనుకున్నారు. సరిగ్గా చేస్తే మిగలాల్సింది సున్నా.

పరిష్కారం ప్రీవార్పింగ్. నొక్కుకుపోయాక 50 దగ్గరికి రావాలంటే అనలాగ్‌లో ముందే ఎంత పైన పెట్టాలి? (fs/π)·tan(π·50/fs) = 57.8 హెర్ట్జ్. అంటే అనలాగ్ నాచ్‌ని కావాలనే 57.8 దగ్గర డిజైన్ చేస్తాం, ట్రాన్స్‌ఫార్మ్ దాన్ని లాక్కొచ్చి సరిగ్గా 50 మీద కూర్చోబెడుతుంది. చేత్తో చేసేటప్పుడు 2/T కొట్టుకుపోతుంది కాబట్టి K = tan(π·f0/fs) అని ఒక్క సంఖ్య చాలు. మనకి π/5, అంటే 36 డిగ్రీలు, K = 0.7265.

```python
from math import pi, tan
fs, f0, Q = 250, 50, 10
K = tan(pi*f0/fs)
D = 1 + K/Q + K*K
b = [(1+K*K)/D, 2*(K*K-1)/D, (1+K*K)/D]
a = [1, b[1], (1-K/Q+K*K)/D]
```

దీన్ని నడిపితే b0 = 0.9546, b1 = −0.5900, a2 = 0.9092 రావాలి. మ్యాట్‌ల్యాబ్‌లోనే ఉండాలనుకుంటే `bilinear(num,den,fs,50)` అని నాలుగో విలువ ఇవ్వండి, అది ప్రీవార్పింగ్ చేసుకుంటుంది. మీరు మూడింటితో ఆపేసి ఉంటారు. పైథాన్‌లో `scipy.signal.bilinear`కి మాత్రం ఆ నాలుగోది లేదు, మనమే ముందు చేసి ఇవ్వాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. `butter`, `iirnotch` లాంటి రెడీమేడ్ ఫంక్షన్లకి మీకు కావలసిన డిజిటల్ ఫ్రీక్వెన్సీనే ఇవ్వాలి. వార్పింగ్ గురించి కొత్తగా తెలుసుకున్న ఉత్సాహంలో వాటికి 57.8 ఇస్తే నాచ్ నిజంగానే 57.8 దగ్గర పడుతుంది.

ఇంటర్వ్యూలో ల్యాప్‌టాప్ ఉండదు కాబట్టి చేత్తో చేసే పరీక్ష ఒకటి గుర్తుంచుకోండి. నాచ్ ఉన్న చోటు b1/b0 = −2cos(ω0) అనే నిష్పత్తిలో దాగి ఉంటుంది. 250లో 50 అంటే పూర్తి వృత్తంలో అయిదో వంతు, 72 డిగ్రీలు. నిష్పత్తి −0.618 రావాలి. మీ పాత కోఎఫిషియంట్లు తీసి భాగించండి, −0.868 వస్తుంది. బోర్డు ముట్టుకోకుండానే తప్పు దొరికిపోతుంది. ఒకవేళ నిష్పత్తి సరిగ్గా ఉండి, ఫంక్షన్ జనరేటర్ నుంచి 50 హెర్ట్జ్ సైన్ వేవ్ ఇచ్చినా అది పోకపోతే, అప్పుడు అనుమానించాల్సింది టైమర్‌ని. బోర్డు నిజంగా 250 దగ్గర శాంపిల్ చేస్తోందో లేదో కొలవండి.

ఇక ఇంటర్వ్యూలో దీని వెనకే వచ్చే ప్రశ్న. చాలామంది ఇక్కడే దొరికిపోతారు: ప్రీవార్పింగ్ చేశాక ఫిల్టర్ అంతా అనలాగ్‌లా అయిపోతుందా? కాదు. అది ఒక్క ఫ్రీక్వెన్సీనే సరిచేస్తుంది. Q = 10 అంటే 50/10, అనలాగ్‌లో వెడల్పు 5 హెర్ట్జ్. మన డిజిటల్ నాచ్ మధ్య బిందువు సరిగ్గా 50 మీదే ఉన్నా, వెడల్పు సుమారు 3.8 హెర్ట్జ్‌కి తగ్గింది, ఎందుకంటే ఆ చుట్టుపక్కల గీత ఇంకా నొక్కుకునే ఉంది. కచ్చితంగా 5 కావాలంటే కోడ్‌లో Qని 7.56కి మార్చాలి. tan(π·5/250)·(1+K²) లెక్క కడితే అది K/Q విలువ, దాన్నుంచి Q వస్తుంది. మన పనికి 3.8 చాలు. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలన్నది నియమం కాబట్టి హమ్ నాచ్ దాటి పోదు. వెడల్పు ఎందుకు తగ్గిందో చెప్పగలిగితే, మీరు ఫార్ములా కంఠతా పట్టారా లేక అర్థం చేసుకున్నారా అన్నది అడిగేవాళ్లకి తెలిసిపోతుంది. ఒకటే ఫ్రీక్వెన్సీ సరిచేయగలమన్నప్పుడు ఏది ఎంచుకోవాలన్నదీ అడగొచ్చు. నాచ్‌కి మధ్య ఫ్రీక్వెన్సీ, లో-పాస్‌కి కటాఫ్ అని చెప్పండి.

కోర్సు సంగతి నాన్నగారితో ఇలా మాట్లాడండి. ఒక్క ప్రశ్నకి జవాబు రాలేదన్నది దారి మార్చడానికి కారణం కాదు. అలాగని పట్టుదలకి పోయి ఉండిపోమని కూడా నేను చెప్పను. ఒక నెల గడువు అడగండి. ఆ నెలలో ఈ నాచ్‌ని మీరే C లో రాసి, అదే బోర్డు మీద 250 దగ్గర నడపండి. సరిచేయకముందు, సరిచేశాక వచ్చిన స్పెక్ట్రమ్‌లు రెండూ పక్కపక్కన రిపోర్ట్‌లో పెట్టండి. రెజ్యూమెలో "ఈసీజీ నాయిస్ రిమూవల్" అనే మాట కన్నా, నాచ్ 44.6కి ఎందుకు జరిగిందో, 50కి ఎలా తెచ్చారో రెండు వాక్యాల్లో రాస్తే ఎంబెడెడ్ డీఎస్పీ ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు ఆగి చదువుతారు. ఆ నెల పని మీకు భారంగా, విసుగ్గా అనిపిస్తే నాన్నగారు చెప్పిన కోర్సులో నిశ్చింతగా చేరండి. ఆ C అనుభవం అక్కడా పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు కాగితం మీద ఇంకొక లెక్క చేయండి. ఎంఐటీ-బీఐహెచ్ అరిథ్మియా డేటాబేస్‌లో ఈసీజీ రికార్డులు సెకనుకు 360 శాంపిల్స్‌తో ఉంటాయి. అవి అమెరికావి కాబట్టి హమ్ 60 హెర్ట్జ్. K ఎంతో, ప్రీవార్పింగ్ మరిచిపోతే నాచ్ ఎక్కడ పడుతుందో కనుక్కోండి. 0.577, 55.3 హెర్ట్జ్ వచ్చి, సరిచేసిన ఫిల్టర్‌లో b1 విలువ b0కి సరిగ్గా రుణ గుర్తు పెట్టినట్టు ఉంటే మీ లెక్క సరైనదే.