చైర్మన్ స్పీచ్‌లో ముందు తీసేయాల్సింది ‘నేను’

ప్రశ్న: ఏజీఎం, అంటే వాటాదారుల వార్షిక సమావేశంలో మా చైర్మన్ గారి స్పీచ్ అంతా సొంత డబ్బానే. ఆయన నొచ్చుకోకుండా హుందాగా ఎలా మార్చాలి?

నేను ఒక లిస్టెడ్ కంపెనీ సెక్రటేరియల్ విభాగంలో పనిచేశాను. భాష బాగాలేదని చెబితే ఏ చైర్మనూ వినరు. రూల్ ఒప్పుకోదని చెప్పండి, వింటారు.

మా చైర్మన్ గారి డ్రాఫ్ట్ ఇలా మొదలైంది: “చిన్న షెడ్డులో మొదలుపెట్టి, ఒంటిచేత్తో ఈ కంపెనీని ఇంతదాన్ని చేశాను. పోటీదారులు మన దరిదాపుల్లోకి కూడా రాలేరు. ఈసారి కూడా మీకు డివిడెండ్ ఇస్తున్నాను. వచ్చే ఏడాది టర్నోవర్ రెట్టింపు చేసి చూపిస్తాను!” ఆ తర్వాత రెండు పేజీల పాటు ఆయన అందుకున్న అవార్డులు, మధ్యలో ఒక పద్యం. పద్యం పీఆర్ ఏజెన్సీ చలవ. విశేషణానికి ఇంత అని బిల్లు వేస్తారేమోనని నా అనుమానం.

డివిడెండ్ వాక్యంతో మొదలుపెట్టాను. ఫైనల్ డివిడెండ్ ఆయన ఇచ్చేది కాదు. బోర్డు సిఫారసు చేస్తుంది, ఆమోదించేది వాటాదారులు. అందుకే “బోర్డు సిఫారసు చేసిన డివిడెండ్‌ను మీ ఆమోదం కోసం ఉంచుతున్నాం” అని మార్చాను. టర్నోవర్ రెట్టింపు మాటను పూర్తిగా కొట్టేశాను. స్టాక్ ఎక్స్‌చేంజీలకు చెప్పని అంచనాను మీటింగ్‌లో ముందుగా బయటపెడితే సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలతో చిక్కొస్తుంది. ఈ మాట వినగానే ఆయనే పెన్ను తీసి ఇంకో రెండు గొప్పలు కొట్టేశారు.

అసలు పేచీ లాభం దగ్గర వచ్చింది. ఆ ఏడాది లాభం తగ్గింది, డ్రాఫ్ట్‌లో దాని ఊసే లేదు. ఏజీఎం నోటీసు, వార్షిక నివేదిక కనీసం 21 రోజుల ముందే వాటాదారులకు చేరతాయి. అంకెలు చూసుకుని వచ్చినవాళ్ల దగ్గర దాచేదేముంది? కొత్త మొదలు ఇలా రాశాను:

“ఈ సంవత్సరం అమ్మకాలు పెరిగాయి, లాభం తగ్గింది. ముడిసరుకు ధర పెరగడం ఒక కారణం. రెండో యూనిట్ ఆలస్యంగా మొదలవడం మరో కారణం. ఆ ఆలస్యానికి బాధ్యత యాజమాన్యానిదే. ఇప్పుడు అక్కడ ఉత్పత్తి జరుగుతోంది. కష్టకాలంలో నిలబడిన ఉద్యోగులకు కృతజ్ఞతలు.”

“బాధ్యత” అనే మాట తీసేయమని ఆయన చాలాసేపు పట్టుబట్టారు. ఆ మాట ఉండనిస్తే షెడ్డు కథను ఒక్క వాక్యంలో ఉంచుతానన్నాను, సరేనన్నారు. పద్యానికి మాత్రం బేరం లేదు.

అసలు కంపెనీ తన జేబులోదనుకోవడమే ఈ రోగానికి మూలం. పబ్లిక్ నుంచి డబ్బు తీసుకున్నాక చైర్మన్ లెక్క చెప్పడానికి నిలబడతారు, సన్మానానికి కాదు. కొందరు వాటాదారులూ తక్కువేం కాదు. వీడియో మీటింగుల్లో స్పీకర్‌గా పేరు నమోదు చేసుకుని, “సార్, మీరు దేవుడు” అని మొదలుపెట్టి ఫ్యాక్టరీ విజిట్ అడుగుతారు.

మా ఏజీఎం రోజు ఒక వాటాదారు ఆ ఆలస్యం గురించి నిలదీయడానికే వచ్చారు. జవాబు స్పీచ్‌లోనే రావడంతో నేరుగా రెండో ప్రశ్నకు వెళ్లారు: ముడిసరుకు భారాన్ని కస్టమర్ల మీద ఎందుకు వేయలేకపోయారని. సీఎఫ్‌ఓ గారు కాగితాలు తిరగేయడం మొదలుపెట్టారు.