‘నిన్న’ కనబడగానే టిక్కు పెట్టేస్తున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి సీబీఎస్ఈ తొమ్మిదో తరగతి, రెండో భాష ఫ్రెంచ్. గ్రామర్ రూల్స్ అన్నీ గడగడా అప్పజెప్తాడు. కానీ గతకాలానికి ఉన్న రెండు రూపాల్లో పాసే కంపోజేనా, అంపర్ఫేనా అని ఆప్షన్లు ఇస్తే సగం తప్పులే. మొన్నటి టెస్టు పేపరు ఫోటోలు పంపిస్తున్నాను. ముందు ముందు పనికొచ్చే భాష అని తీసుకున్నాం. ఇప్పుడు సంస్కృతానికి మార్చేద్దామా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: మార్చకండమ్మా. తొమ్మిదిలో తీసుకున్న భాషనే పదిలోనూ కొనసాగించడం సీబీఎస్ఈ పద్ధతి. అదీగాక, పేపరు చూశాక నాకు అర్థమైందేమిటంటే మీవాడికి ఫ్రెంచ్ రాకపోవడం కాదు, ఇంగ్లిష్ మీదుగా వెళ్తున్నాడు. ఈ దారిలో ఇంగ్లిష్ కన్నా తెలుగే దగ్గర. కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు ఫ్రెంచ్ పాఠాలు చెప్పాను కాబట్టి ఈ మాట ధీమాగా అంటున్నాను.

గతాన్ని అడిగినవి పది ప్రశ్నలు, తప్పినవి ఆరు. అందులో రెండు తప్పులకి కాలంతో సంబంధమే లేదు. ఒకచోట ‘ఆమె వెళ్లిపోయింది’కి సహాయక క్రియగా ఎత్ర్ రావలసింది పోయి అవ్వార్ ఉన్న ఆప్షన్ ఎంచుకున్నాడు. ఇంకోచోట ‘ముగించు’ అనే ఫినీర్‌కి అంపర్ఫే అడిగితే ‘ఫినే’ అన్నదానికి టిక్కు పెట్టాడు. అలాంటి రూపమే ఫ్రెంచ్‌లో లేదు. వర్తమానంలో ‘మేము’ రూపం ‘ను ఫినిసోఁ’ కదా, దాని చివరి ఓఁ తీసేసి అంపర్ఫే తోక తగిలిస్తే ‘ఫినిసే’ వస్తుంది. ఎత్ర్ ఒక్కటి మినహా అన్ని క్రియలకీ ఇదే దారి. నాలుగు ఆప్షన్లలో ఇలా అసలు లేని రూపం ఒకటైనా పెట్టడం పేపరు తయారుచేసేవాళ్లకి అలవాటు. ముందు దాన్ని కొట్టేయమనండి. ఇది బట్టీతో తీరే పని, వాడికి కష్టం కాదు.

అసలు సంగతి మిగతా నాలుగు తప్పుల్లో ఉంది. జరిగి ముగిసిన పనికి పాసే కంపోజే వస్తుంది, అప్పటికి సాగుతున్న పనికో, అలవాటుకో, స్థితికో అంపర్ఫే వస్తుంది. ‘యేర్’ అంటే నిన్న, అది కనబడితే పాసే కంపోజే. ‘తూ లే జూర్’ అంటే రోజూ, అది కనబడితే అంపర్ఫే. వాడికి ఎవరో ఇలా పట్టిక రాసిచ్చారు. ఆ పట్టిక పూర్తిగా అబద్ధం కాదు గానీ, పేపరు పెట్టేవాళ్లకీ అది తెలుసు కదా! మీవాడు తప్పిన ప్రశ్న ఒకటి చూడండి: ‘నిన్న మేము బయటికి వెళ్లినప్పుడు బాగా చలి ____.’ వాడు ‘నిన్న’ చూశాడు, ‘ఇల్ అ ఫే’ అన్నాడు. రావలసింది ‘ఇల్ ఫజే’. వీళ్లు బయటికి వెళ్లేసరికి చలి అప్పటికే ఉంది. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు తగ్గిందో వాక్యానికి పట్టలేదు. నిన్న అనేది రోజును చెప్తుంది గానీ, ఆ రోజు జరిగినదాన్ని మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో చెప్పదు.

ఇంగ్లిష్ మీదుగా వెళ్తే ఎక్కడ తప్పుతుందంటే, అక్కడ ‘వెంట్’ అనే ఒక్క మాట ‘వెళ్లాడు’కీ ‘వెళ్లేవాడు’కీ సరిపోతుంది. ‘న్యూ’ అన్నది ‘తెలుసు’కీ చెల్లుతుంది, ‘తెలిసింది’కీ చెల్లుతుంది. తెలుగులో ఈ జంటలు కలవవు. ‘అప్పటికే నాకు తెలుసు’ అంటే ఫ్రెంచ్‌లో ‘జ సవే’, అంపర్ఫే. ‘అప్పుడు నాకు తెలిసింది’ అంటే ‘జె స్యూ’, పాసే కంపోజే. ఫ్రెంచ్ పుస్తకాలు ఒక పేజీ పెట్టి వివరించే ఈ తేడాని మన ఇంట్లో మూడేళ్ల పిల్ల కూడా పొరపాటు పడకుండా మాట్లాడుతుంది.

కాబట్టి ఖాళీ ఉన్న వాక్యాన్ని ముందు తెలుగులో చెప్పమనండి. ‘పడుతోంది, చదువుకుంటున్నాడు’ అని వస్తే అంపర్ఫే. ‘వెళ్లేవాడు, తినేవాళ్లం’ అని వచ్చినా అంపర్ఫే. ‘తెలుసు, ఉంది’ అని వచ్చినా, అసలు క్రియే లేకుండా వాక్యం ముగిసినా చాలావరకు అంపర్ఫేనే. ‘మోగింది, వచ్చాడు, పెట్టేసింది’ అని వస్తే పాసే కంపోజే.

మీవాడి పేపర్లోని పేరా లాంటిదే ఒకటి నేను కూర్చాను. తెలుగులో ఇలా ఉంటుంది: ‘పోయిన ఆదివారం వాన పడుతోంది. నా గదిలో చదువుకుంటున్నాను. ఉన్నట్టుండి ఫోన్ మోగింది. అమ్మమ్మ. గంటసేపు మాట్లాడింది. తర్వాత పెట్టేసింది.’

వాన దగ్గర ‘పోయిన ఆదివారం’ అని ఉంది. పట్టిక నమ్మినవాడు ‘ఇల్ అ ప్లూ’ అంటాడు. కానీ మనం ‘పడుతోంది’ అన్నాం. మిగతా కథ ఆ వానలోనే నడుస్తోంది, కాబట్టి ‘ఇల్ ప్లవే’. చదువుకుంటున్నాను ‘జ లిజే’, అదీ అంపర్ఫే. ఫోన్ మోగడం ఆ చదువును ఆపింది, కథను ఒక అడుగు ముందుకు జరిపింది, కాబట్టి ‘అ సొనే’. తర్వాతిది చూడండి: ‘అమ్మమ్మ.’ తెలుగులో క్రియే లేదు! ఫ్రెంచ్‌కి క్రియ లేకుండా కుదరదు కాబట్టి అక్కడ ‘సెతే’ అని అంపర్ఫే వస్తుంది. పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. ఫోన్ మోగాక తెలిసింది కదా, ఇదీ సంఘటనే అనుకుంటారు. తెలియడం సంఘటనే. అవతల ఉన్నది అమ్మమ్మ అన్నది మాత్రం సంగతి, సంఘటన కాదు.

‘గంటసేపు మాట్లాడింది’ ఇంకో గుంట. గంటంటే చాలాసేపు కదా, సాగుతున్న పని కదా, అంపర్ఫే అనిపిస్తుంది. మీవాడు తప్పిన నాలుగింటిలో రెండు ఇవే. ఎంతసేపు జరిగిందన్నది కాదు లెక్క, కొలిచి మూసేశామా లేదా అన్నది లెక్క. గంట అని కొలిచాక పని అయిపోయింది, ఇక పాసే కంపోజేనే: ‘ఎల్ అ పార్లే పాఁదాఁ ఉనర్’. ఇందులో ‘పాఁదాఁ’ అంటే మన ‘సేపు’, ‘పాటు’. దానికి పోటీగా ‘దప్వీ’ అని ఇంకో మాట ఉంది, అది మన ‘గా’, ‘నుంచి’. ‘గుంటూరులో మూడేళ్లపాటు ఉన్నాం’ అంటే పాసే కంపోజే. ‘అప్పటికి మూడేళ్లుగా గుంటూరులో ఉంటున్నాం, అంతలో నాన్నకి బదిలీ అయింది’ అంటే ఉండటం అంపర్ఫే, బదిలీ పాసే కంపోజే. కాలం మూడేళ్లే, మారింది ‘పాటు’కీ ‘గా’కీ మధ్య ఉన్న తేడా.

తెలుగు కూడా రెండు చోట్ల మోసం చేస్తుంది, అవి ముందే చెప్పేయాలి. ఒకటి పైదే. ‘మూడేళ్లు గుంటూరులో ఉండేవాళ్లం’ అని మనం హాయిగా అంటాం, ఫ్రెంచ్‌లో మాత్రం మూడేళ్లని కొలిచాక అది పాసే కంపోజేకి వెళ్లాల్సిందే. రెండోది ఆకలి. ‘ఆకలేసింది, రెండు ఇడ్లీలు తిన్నాను’ అంటాం. మన ‘వేసింది’ సంఘటనలా ఉంటుంది, ఫ్రెంచ్‌వాళ్లకి అక్కడ ఆకలి ఒక స్థితి: ‘జవే ఫాఁ’, అంపర్ఫే. తినడం పాసే కంపోజే. దాహం, నిద్ర కూడా ఇంతే. భయం మాత్రం రెండు రకాలుగానూ వస్తుంది. చీకట్లో నడుస్తున్నంతసేపూ ఉన్న భయం అంపర్ఫే, పెద్ద చప్పుడు విని ఒక్కసారిగా కలిగిన భయం పాసే కంపోజే.

ఒక్కోసారి ఒక్క వాక్యమే ఇచ్చి, రెండు కాలాలూ సరిపోయే చోట ఖాళీ పెడతారు. ‘నేను రావడం, ఆమె వెళ్లడం’ అన్న వాక్యం తీసుకుందాం. ‘నేను వచ్చేసరికి ఆమె బయల్దేరుతోంది’ అనుకుంటే అంపర్ఫే. ‘నేను రాగానే ఆమె వెళ్లిపోయింది’ అనుకుంటే పాసే కంపోజే. ‘అప్పటికే వెళ్లిపోయి ఉంది’ అనుకుంటే మూడో రూపం, ప్లుస్ క పర్ఫే. ఫ్రెంచ్‌లో మూడూ తప్పు కావు. అందుకని పక్క వాక్యం చదవాలి. ‘గుమ్మంలోనే రెండు నిమిషాలు మాట్లాడుకున్నాం’ అని ఉంటే ఆమె బయల్దేరుతోందన్నమాట. ‘ఆమెని చూడనే లేదు’ అని ఉంటే మూడో రూపం. పక్కన ఏమీ లేకపోతే ఆ ప్రశ్నే సరిగ్గా లేదు, దానికి మీవాణ్ని అనకండి. మీరు పంపిన పేపర్లో తొమ్మిదో ప్రశ్న అలాంటిదే. ‘నిన్న చలి ____’ అని అంతవరకే ఉంది. అక్కడ ‘ఇల్ అ ఫే’ కూడా చక్కని ఫ్రెంచే, రోజంతటినీ ఒక్క ముక్కలో చెప్పినట్టు. ఎందుకు తప్పు వేశారో టీచరుగారిని మర్యాదగా అడగవచ్చు.

ఇంకొకటి, చెవిని నమ్మవద్దనండి. ‘పార్లే’ అనే క్రియకి ‘జె పార్లే’, ‘జ పార్లే’ రెండూ వేగంగా అంటే మన చెవికి ఒకటే. తేడా ముందున్న ‘జె’, ‘జ’ల్లో ఉంది. కాగితం మీదైతే చివరి అక్షరాలే వేరు, అవ్వార్ ఉందో లేదో కనబడుతుంది. బిగ్గరగా చదువుకుంటూ టిక్కు పెట్టే పిల్లలకి ఈ తప్పులు ఎక్కువ.

ముందు ముందు పనికొస్తుందా అన్నారు. డెల్ఫ్ అని ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే సర్టిఫికెట్ ఉంది, స్కూలు పిల్లలకి వేరే రకం కూడా ఉంది. మీవాడికి పది అయ్యాక ఏ2 స్థాయి సరిపోవచ్చు. మొత్తం 100 మార్కులు, 50 వస్తే పాస్, నాలుగు భాగాల్లో ఒక్కోదాంట్లో 25కి కనీసం 5 రావాలి. అందులో విడిగా గ్రామర్ బిట్లు ఉండవు. కానీ రాత భాగంలో తనకు జరిగిన ఒక సంఘటననో, చేసిన ప్రయాణాన్నో వర్ణించమంటారు. వాన అంపర్ఫేలో పడాలి, ఫోన్ పాసే కంపోజేలో మోగాలి. ఆప్షన్లు ఉండవు, వాడే రాయాలి. అంటే స్కూల్లో ఇప్పుడు తడబడుతున్నదే అక్కడ మళ్లీ ఎదురవుతుంది.

ఈ నెల ఒక్క పని చేయించండి. పాత పేపర్లలో ఇలాంటి ప్రశ్నలు రోజుకి నాలుగు తీసుకుని, ఆప్షన్లను బొటనవేలితో మూసి, ఖాళీ పక్కన పెన్సిల్‌తో ఒక్క తెలుగు క్రియ రాయమనండి: ‘పడుతోంది’ అనో, ‘పడింది’ అనో. రాశాకే వేలు తీయాలి. తప్పితే ఫ్రెంచ్ రూల్ కాకుండా ఆ తెలుగు మాటే మళ్లీ చూడమనండి. ఆకలి, మూడేళ్లు లాంటివి ఎక్కడెక్కడ తగులుతున్నాయో పక్కన గుర్తు పెట్టించండి. ఆ కాగితాలు నెలాఖరుకి నాకు పంపితే చూస్తాను.