ఎదురుగాలిలో మందపాటి స్వెటర్ కన్నా పల్చటి విండ్‌చీటర్ ఎందుకు నయం?

బైక్ మీద మందపాటి స్వెటర్ వేసుకున్నా వణుకుతున్నాను, పల్చటి విండ్‌చీటర్‌తో ఆగుతుందా?

ఆగుతుంది. ఒంటి వేడికి చర్మాన్ని అంటుకుని పల్చటి వెచ్చని గాలిపొర ఏర్పడుతుంది. ఎదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. 5 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలితే, కప్పుకోని ముఖానికి సుమారు మైనస్ 1లా ఉంటుంది. అలాగని నీళ్లేమీ గడ్డకట్టవు, ఒంటి వేడి త్వరగా పోతుందంతే.

స్వెటర్ వెచ్చదనమంతా అల్లికలో చిక్కుకున్న గాలిదే. ఆ కన్నాల్లోంచే ఎదురుగాలి దూరి దాన్ని తోసేస్తుంది. బట్టను నోటికి ఆనించి ఊదండి. అవతల చేతికి ఊపిరి తగిలితే అది గాలిని ఆపదు.

విండ్‌చీటర్‌ను పల్చటి స్వెటర్ పైన వేసుకోండి. మెడ, మణికట్ల దగ్గర బిగించండి. వదులుగా ఉండి రెపరెపలాడితే లోపలి వెచ్చని గాలిని అదే బయటికి తోడేస్తుంది. బండి ఆపి గాలిలేని చోట నిలబడితే మాత్రం మందపాటి స్వెటరే మేలు.