కాల్ రేటు సున్నాకి ఎందుకు పడిపోదు?

"బ్యాంకుల దగ్గర డబ్బు పొంగిపొర్లుతున్నా కాల్ రేటు సున్నాకి ఎందుకు పడిపోదు? ద్వారకానగర్ కోచింగ్‌లో చెప్పింది బుర్రకెక్కలేదు."

కాల్ రేటంటే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పు మీద వడ్డీ. మిగులు డబ్బున్న బ్యాంకు నువ్వే అనుకో తమ్ముడూ. 2022 ఏప్రిల్ 8న రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే ముఖ్య రేటు, అంటే రెపో, 4 శాతం, ఎస్‌డీఎఫ్ 3.75, ఎంఎస్‌ఎఫ్ 4.25. రాత్రికి ఎస్‌డీఎఫ్ కింద రిజర్వ్ బ్యాంకులో పెడితే 3.75 ఖాయం, అంతకన్నా తక్కువకి పక్క బ్యాంకుకి ఎందుకిస్తావు? అదే నేల. అవసరమున్నవాడికి ఎంఎస్‌ఎఫ్ కింద రిజర్వ్ బ్యాంకు దగ్గర బాండ్లు తాకట్టు పెడితే 4.25కే అప్పు దొరుకుతుంది, 4.50 ఎందుకు కడతాడు? అదే కప్పు.

మిగులు మరీ ఎక్కువైతే రేటు నేలకి అతుక్కుంటుంది. అప్పుడు రిజర్వ్ బ్యాంకు వేలంలో, ఎస్‌డీఎఫ్ కన్నా కాస్త ఎక్కువ వడ్డీకి, ఆ మిగులు లాగేసి రేటును రెపో వైపు జరుపుతుంది.

ఒక చిల్లు ఉంది: మ్యూచువల్ ఫండ్లకి ఎస్‌డీఎఫ్ తలుపు లేదు. అందుకే బాండ్లు తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే ట్రెప్స్ మార్కెట్లో రేటు ఒక్కోసారి నేల కిందికీ జారుతుంది. అన్నట్టు, బ్యాంకులు రిజర్వ్ బ్యాంకులో తప్పనిసరిగా ఉంచాల్సిన సీఆర్ఆర్ మీద వడ్డీ రాదు. ఎస్‌డీఎఫ్‌నీ సీఆర్ఆర్‌నీ కలిపేసుకోకు.